మలుపులో వంగిన సైకిల్ ఎందుకు పడిపోదు? టైరు నేలను తాకే చోటు చుట్టూ టార్క్ లెక్క

ప్రశ్న: వైజాగ్‌లో ఇంటర్ చదువుతున్నాను సార్. మలుపులో సైకిల్ వంగే కోణానికి, టైరు నేలను తాకే బిందువు చుట్టూ టార్క్ మొత్తం సున్నా అని రాసి tan θ = v²/rg తెచ్చారు మా క్లాసులో. కానీ నార్మల్ ఫోర్స్, ఘర్షణ రెండూ ఆ బిందువు దగ్గరే పనిచేస్తున్నాయి, వాటికి టార్క్ ఉండదు. మిగిలింది బరువొక్కటే, దానికి మాత్రం టార్క్ ఉంది. మరి మొత్తం సున్నా ఎలా అయింది? అపకేంద్ర బలం నిజమైన బలం కాదని కూడా వాళ్లే చెప్పారు. కైలాసగిరి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వంగే దిగుతాను, పడిపోవట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు:

నీ లెక్క సరైనదే తమ్ముడూ. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి, టైరు నేలను తాకే చోటు చుట్టూ టార్క్ సున్నా కాదు. బరువు వల్ల వచ్చే టార్క్ ఉంది, దాన్ని రద్దు చేయడానికి ఇంకే నిజమైన బలమూ లేదు. తేడా కొడుతున్నది ఆ తర్వాతి అడుగులో. "టార్క్ మిగిలింది కాబట్టి పక్కకి పడిపోవాలి" అని మనసులో అనేసుకుంటున్నావు చూడు, అక్కడ. నేను చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను, సైకిలూ తొక్కుతాను. ఈ లెక్కని సూత్రం దాకా చేయగలిగేవాళ్లు చాలామందే ఉంటారు గానీ నువ్వు పట్టుకున్న చోట ఆగి అడిగేవాళ్లు తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు అంకెలు పెట్టుకుందాం, ఊరికే అక్షరాలతో మాట్లాడితే చేతికి ఏమీ దొరకదు. నువ్వూ నీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకో. ఇద్దరి ఉమ్మడి గరిమనాభి టైరు తాకే చోటు నుంచి 1 మీటరు దూరంలో ఉందనుకో, ఆ దూరాన్ని h అందాం. సీటు మీద కూర్చున్న మనిషికి అది సుమారుగా బొడ్డు దగ్గరకొస్తుంది. మలుపు వ్యాసార్ధం 12 మీటర్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు, అంటే సెకనుకు 6.94 మీటర్లు. మలుపు ఎడమ వైపుకి. వేగం, వ్యాసార్ధం, వంగిన కోణం మలుపంతా మారట్లేదు అనుకుందాం.

ఇప్పుడు బలాలు. కిందకి బరువు 784 న్యూటన్లు. రోడ్డు పైకి తోసే నార్మల్ కూడా అంతే, ఎందుకంటే సైకిల్ పైకీ కిందకీ కదలట్లేదు. మిగిలింది ఘర్షణ. అది టైరు దగ్గర, మలుపు లోపలి వైపుకి, అంటే ఎడమకి లాగుతుంది. నిన్ను గుండ్రంగా తిప్పుతున్నది అదొక్కటే కాబట్టి దాని విలువ mv²/r, సుమారు 321 న్యూటన్లు. నిజమైన బలాలు ఈ మూడే. నాలుగోది లేదు.

టార్క్‌కి, కోణీయ ద్రవ్యవేగానికి మధ్య మనం రాసే సంబంధం ఇది:

```
τ = dL/dt
```

ఇది ఏ బిందువు చుట్టూ పడితే ఆ బిందువు చుట్టూ రాసేసేది కాదు. భయం లేకుండా రాయగలిగేది రెండు సందర్భాల్లో. ఆ బిందువు నేలకి సంబంధించి కదలకుండా ఉండాలి, లేకపోతే అది గరిమనాభి అయినా అయి ఉండాలి. ఆ రెండూ కాని బిందువు త్వరణంతో కదులుతుంటే ఇంకో పదం కలపాల్సి వస్తుంది. మన కథంతా ఈ వాక్యంలోనే ఉంది.

మరి "టైరు నేలను తాకే బిందువు" వీటిలో ఏది? చాలామంది ఇక్కడ ఆగకుండా వెళ్లిపోతారు. జాగ్రత్తగా చూస్తే ఆ ఒక్క పేరుతో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి, ఈ క్షణంలో టైరు కింద ఉన్న తారు రోడ్డు మీది మచ్చ. నువ్వు ముందుకెళ్లిపోయినా అది అక్కడే ఉంటుంది, స్థిర బిందువు. రెండు, ఈ క్షణంలో నేలను తాకిన టైరు రబ్బరు ముక్క. అది ఒక్క క్షణం ఆగినట్టు ఉండి మళ్లీ పైకి లేచిపోతుంది. మూడు, టైరూ రోడ్డూ కలిసే "చోటు". ఇది రబ్బరు ముక్కా కాదు, తారు మచ్చా కాదు, జామెట్రీలో ఒక బిందువు. ఇది నీతో పాటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో మలుపంతా పరుగెడుతుంది. గుండ్రంగా పరుగెడుతోంది కాబట్టి దానికి వలయం కేంద్రం వైపు v²/r త్వరణం కూడా ఉంది. క్లాసులో వాడేది ఈ మూడోదాన్ని. నువ్వు "టార్క్ మిగిలింది" అన్నప్పుడు మనసులో ఉన్నది మొదటిది. రెండిటికీ లెక్క కుదురుతుంది, కానీ కుదిరే తీరు వేరు.

మూడోదాంతో మొదలుపెడదాం, మీ క్లాసులో చేసింది అదే కాబట్టి. త్వరణం ఉన్న బిందువుతో పాటు మనమూ పరుగెడుతూ చూస్తే, న్యూటన్ నియమాలు నిలబడాలంటే ప్రతి వస్తువు మీదా ఆ త్వరణానికి ఎదురు దిశలో ఒక మిథ్యాబలం కలపాలి. అది గరిమనాభి దగ్గర పనిచేస్తుంది, విలువ mv²/r, దిశ మలుపు బయటికి. మీ సార్ అపకేంద్ర బలం అన్నది ఇదే. "నిజమైనది కాదు" అంటే దాన్ని ప్రయోగించే వస్తువేదీ లేదని అర్థం. లెక్కలో రాయకూడదని కాదు. త్వరణం ఉన్న బిందువుని ఎంచుకున్నందుకు కలపాల్సిన పదం అది. దానికి టైరు చోటు నుంచి భుజం పొడవు గరిమనాభి ఎత్తు, అంటే h cos θ. బరువుకి భుజం పొడవు గరిమనాభి పక్కకి జరిగిన దూరం, h sin θ. సైకిల్ ఒకే కోణంలో నిలకడగా ఉంది కాబట్టి ఈ రెండు టార్క్‌లూ సమానం:

```
m g h sin θ = m (v²/r) h cos θ
tan θ = v² / (r g)
```

మన అంకెలు వేస్తే tan θ విలువ 48.2 / 117.6 = 0.41, కోణం 22.3 డిగ్రీలు. గరిమనాభి పక్కకి 38 సెంటీమీటర్లు జరిగింది, ఎత్తు 92.5 సెంటీమీటర్లకి దిగింది. బరువు టార్క్ 784 × 0.38, సుమారు 297 న్యూటన్ మీటర్లు. మిథ్యాబలం టార్క్ 321 × 0.925, అది కూడా 297. మొత్తం సున్నా. ద్రవ్యరాశి, h రెండూ కొట్టుడుపోయాయి చూడు. అందుకే ఇదే మలుపులో ఇదే వేగంతో వచ్చే బక్కపలచటి కుర్రాడూ, వెనక గ్యాస్ సిలిండర్ కట్టుకున్న పెద్దాయనా ఒకే కోణంలో వంగాలి.

ఈ మిథ్యాబలం అనే మాట మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లో చీపురు కట్ట తీసుకో. పిడి కొనని అరచేతి మీద నిలబెట్టి, ఒక పక్కకి కొంచెం వంగనివ్వు. చెయ్యి కదపకపోతే పడిపోతుంది. వంగిన వైపుకే చేతిని వేగం పెంచుకుంటూ తీసుకెళితే పడదు, అదే వాలులో నీతో పాటు వస్తుంది. చేతికి g tan θ అంత త్వరణం ఇచ్చినంతసేపూ వాలు మారదు. సైకిల్ కింద టైరు చేసే పని సరిగ్గా ఇదే. గరిమనాభి లోపలికి పడబోతుంటుంది, టైరు తాకే చోటు కూడా లోపలికి త్వరణంతో వెళుతూ దాని కిందకి చేరబోతుంటుంది. కాకపోతే చేయి తిన్నగా ఒకే దిశలో పరుగెత్తాలి, కొంచెం సేపటికి గోడ తగులుతుంది. సైకిల్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఎంతసేపైనా లోపలికి త్వరణం ఉంచుకోగలదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. నేల మీద నిలబడి, మిథ్యాబలం అనే మాటే ఎత్తకుండా, కదలని బిందువు చుట్టూ లెక్క వేస్తే ఏమవుతుంది? తారు మచ్చ బదులు వలయం కేంద్రాన్ని తీసుకుందాం. రోడ్డు మీద ఆ 12 మీటర్ల వలయానికి మధ్యలో సుద్దతో గుర్తు పెట్టావనుకో. మలుపంతా అది కదలదు, కాబట్టి ఏ క్షణానికి ఆ క్షణం బిందువు మార్చే బాధ ఉండదు. ఘర్షణ సరిగ్గా ఆ గుర్తు వైపే లాగుతోంది, దానికి టార్క్ లేదు. నార్మల్ పైకి తోస్తోంది, గుర్తు నుంచి దూరం 12 మీటర్లు. బరువు కిందకి లాగుతోంది, గుర్తు నుంచి దూరం 12 లోంచి 38 సెంటీమీటర్లు తక్కువ. బలాలు రెండూ సమానం, దూరాల్లో తేడా 0.38. కాబట్టి మిగిలే టార్క్ మళ్లీ mgh sin θ, అదే 297. తారు మచ్చ చుట్టూ వేసినా ఇంతే వస్తుంది. సున్నా కాదు. నీ అనుమానం నూటికి నూరు శాతం నిజం.

మరి ఈ 297 న్యూటన్ మీటర్లు ఏం చేస్తోంది? కోణీయ ద్రవ్యవేగాన్ని మారుస్తోంది. గరిమనాభి నేలకి 92.5 సెంటీమీటర్ల ఎత్తులో ముందుకి వెళుతోంది. నేల మీద ఉన్న గుర్తుకి సంబంధించి చూస్తే, ఆ ఎత్తు వల్ల దానికి ఒక అడ్డం కోణీయ ద్రవ్యవేగం ఉంది: m × v × h cos θ, అంటే 80 × 6.94 × 0.925, దాదాపు 514. దీని దిశ ఎప్పుడూ సైకిల్ నుంచి కేంద్రం వైపు. సైకిల్ మలుపు తిరిగేకొద్దీ ఆ బాణం కూడా తిరుగుతుంది. పొడవు మారదు, దిశ మారుతుంది. దిశ మారడం కూడా మార్పే, దానికీ టార్క్ కావాలి. సైకిల్ సెకనుకు v/r, అంటే 0.578 రేడియన్లు తిరుగుతోంది. 514 పొడవున్న బాణాన్ని ఆ వేగంతో తిప్పడానికి కావాల్సిన టార్క్ 514 × 0.578 = 297.

బరువు టార్క్ అంతా ఇక్కడే ఖర్చయిపోయింది. పడేయడానికి ఏమీ మిగల్లేదు. తిన్నగా వెళ్లే సైకిల్ వంగితే ఇదే టార్క్ దాన్ని నేల మీద పడేస్తుంది, ఎందుకంటే అక్కడ బాణం తిరగట్లేదు, టార్క్‌కి వేరే పని లేదు. మలుపులో ఆ పని ఉంది. దిశ కూడా సరిగ్గా కలుస్తుందా అని నువ్వే చూసుకో. ఎడమ మలుపులో బరువు టార్క్ కుడిచేతి నియమం ప్రకారం సైకిల్ వెనక్కి చూపిస్తుంది. కేంద్రం వైపున్న బాణం మలుపుతో పాటు తిరిగితే దాని కొన కూడా వెనక్కే జరుగుతుంది.

పరీక్షలో రాసేటప్పుడు ఇంకో దారి తేలిక. గరిమనాభి చుట్టూ తీసుకో. అది త్వరణంతో కదులుతున్నా τ = dL/dt చెల్లుతుంది, అదనపు పదం అక్కర్లేదు. బరువుకి టార్క్ లేదు. నార్మల్ ఒక వైపు తిప్పుతుంది, N h sin θ. ఘర్షణ రెండో వైపు తిప్పుతుంది, f h cos θ. రెండూ సమానం చేసి N బదులు mg, f బదులు mv²/r పెడితే అదే సూత్రం. నిజమైన బలాలతోనే, "టార్క్ సున్నా" అని నిజాయితీగా రాయొచ్చు. టైరు చోటు చుట్టూ రాయాలనుకుంటే మాత్రం "సైకిల్‌తో పాటు కదిలే నిర్దేశ చట్రంలో" అన్న ముక్క తప్పకుండా రాయి. ఆ ముక్క లేకుండా సున్నా అని రాస్తే జవాబు సరిగ్గా వచ్చినా, వాదన తప్పు.

చక్రాలు తిరుగుతుండటం వల్ల వచ్చే కోణీయ ద్రవ్యవేగాన్ని వదిలేశాం కదా అని అడుగుతావేమో. వదిలేయొచ్చు. రెండు చక్రాల రిమ్ములు, టైర్లు కలిపి ఒక 2 కిలోలు అనుకో, చక్రం వ్యాసార్ధం 34 సెంటీమీటర్లు. 2 × 0.34 ని 80 × 1 తో పోల్చు, ఒక శాతం కూడా రాదు. tan θ అంత మేరకే పెరుగుతుంది. చక్రాలు బొంగరాల్లా తిరగడమే సైకిల్‌ని నిలబెడుతుందని చాలామంది నమ్ముతారు. బ్రిటన్‌లో డేవిడ్ జోన్స్ అనే ఆయన 1970 లో అచ్చయిన వ్యాసంలో, ఎదురు దిశలో తిరిగే అదనపు చక్రం పెట్టి ఆ ప్రభావాన్ని రద్దు చేసిన సైకిల్ గురించి రాశాడు. దాన్ని మామూలుగానే తొక్కగలిగాడు.

ఇంకో చిన్న సవరణ దీనికంటే పెద్దది. 12 మీటర్లు టైరు గీసే దారి వ్యాసార్ధం. గరిమనాభి 37, 38 సెంటీమీటర్లు లోపలికి ఉంది కాబట్టి అది తిరిగే వలయం 11.6 మీటర్లే, దాని వేగం కూడా చక్రం వేగం కంటే కొంచెం తక్కువ. రెండూ లెక్కలోకి తీసుకుంటే కోణం 22.3 నుంచి 21.7 కి దిగుతుంది. ఇంత చిన్న మలుపులోనే అర డిగ్రీకి కొంచెం పైన తేడా. బీచ్ రోడ్డు మీద పెద్ద వంపుల్లో అసలు కనపడదు.

"వంగిన కోణం" అంటే సైకిల్ ఫ్రేమ్ వంగిన కోణం కాదు, ఇది గుర్తు పెట్టుకో. టైరు చోటు నుంచి ఉమ్మడి గరిమనాభి దాకా గీసిన గీత నిలువుతో చేసే కోణం. నువ్వు ఒళ్లు లోపలికి ఎక్కువ వంచితే ఫ్రేమ్ తక్కువ వంగుతుంది, ఒళ్లు నిటారుగా ఉంచి సైకిల్‌ని కిందకి నొక్కితే ఫ్రేమ్ ఎక్కువ వంగుతుంది. గీత మాత్రం అదే 22 డిగ్రీలు. అందుకని ఒళ్లు వంచి ఘర్షణ అవసరాన్ని తగ్గించుకోలేవు. కావాల్సిన ఘర్షణ mv²/r. అది నీ భంగిమని అడగదు.

ఇప్పుడు కైలాసగిరి సంగతికొద్దాం. టార్క్‌లు రెండూ సమానంగా ఉన్నాయంటే అది గిన్నెలో గోళీ లాంటి నిలకడ కాదు. కాస్త తేడా వస్తే ఆ తేడా తనంతట తానే పెరుగుతుంది. హ్యాండిల్ బిగబట్టి ఉంచేస్తే, ఒక డిగ్రీ ఎక్కువ వంగినా అది సెకను లోపే ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. మనం పడిపోకపోవడానికి కారణం చేతులు. ఎక్కువ వంగినట్టు అనిపించగానే హ్యాండిల్ ఇంకొంచెం లోపలికి తిరుగుతుంది, r తగ్గుతుంది, v²/r పెరుగుతుంది, రెండో టార్క్ గెలిచి సైకిల్‌ని లేపుతుంది. తక్కువ వంగినట్టుంటే దీనికి ఎదురు. తెలియకుండానే ఇదంతా జరిగిపోతుంది.

దిగుతూ మలుపు మధ్యలో భయపడి బ్రేక్ నొక్కితే ఏమవుతుందో ఈ సూత్రమే చెబుతుంది. 25 నుంచి వేగం 20 కి పడిందనుకో. అదే 12 మీటర్ల దారిలో ఉండాలంటే కోణం 14.7 డిగ్రీలకి రావాలి, అంటే సైకిల్‌ని ఏడున్నర డిగ్రీలు లేపాలి. లేపకుండా 22.3 దగ్గరే ఉంటే ఆ కోణానికి సరిపడే వ్యాసార్ధం 7.7 మీటర్లు. కాబట్టి సైకిల్ లోపలికి కోసుకుపోతుంది, లేదా లోపలి వైపుకి ఒరిగిపోతుంది. ఘాట్ రోడ్డు కుడి మలుపులో లోపలికి కోసుకుపోవడం అంటే ఎదురుగా ఎక్కి వచ్చే బండి దారిలోకి వెళ్లడం. వేగం మలుపు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి అనడానికి కారణం ఇదే.

రెండో కారణం ఘర్షణ. నార్మల్ mg, కావాల్సిన ఘర్షణ mv²/r. రెండింటి నిష్పత్తి మళ్లీ v²/rg, అంటే tan θ. చదునైన రోడ్డు మీద వంగిన కోణపు tan విలువే నీకు కావాల్సిన ఘర్షణ గుణకం. 22.3 డిగ్రీలు వంగావంటే 0.41 అడుగుతున్నావు. పొడి తారు రోడ్డు మీద టైరుకి సుమారు 0.7 దొరుకుతుంది, ఇబ్బంది లేదు. తడిసిన రోడ్డు మీద 0.45 దగ్గర పెట్టుకో. అప్పుడు మలుపుకే దాదాపు అంతా పోయింది. బ్రేక్ కూడా అదే ఘర్షణలోంచి తీసుకోవాలి, రెండూ లంబంగా ఉంటాయి కాబట్టి వర్గాలు కూడాలి. పొడి రోడ్డు మీద బ్రేక్‌కి మిగిలేది √(0.7² − 0.41²) = 0.57. తడి రోడ్డు మీద √(0.45² − 0.41²) = 0.19 మాత్రమే. అదే వేగం, అదే మలుపు, ఒక వాన కురిసింది అంతే, బ్రేక్ నొక్కే వీలు మూడో వంతుకి పడిపోయింది.

మన ఊళ్లో వాన కంటే ఇసుక పెద్ద సమస్య. జోడుగుళ్లపాలెం, రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే దారిలో సముద్రం గాలికి రోడ్డు అంచున ఇసుక చేరుతుంది. తారు మీద పల్చటి ఇసుక పొర ఉంటే గుణకం 0.3 అనుకుంటే మంచిది, ఇంకా తక్కువే కావచ్చు. అప్పుడు గరిష్ఠ కోణం 16.7 డిగ్రీలు, ఈ 12 మీటర్ల మలుపులో గరిష్ఠ వేగం గంటకు 21 కిలోమీటర్లు. 25 తో వచ్చావంటే టైరు జారుతుంది. జారితే ఎటు పడతావో టార్క్ లెక్కే చెబుతుంది. టైరు చోటు ఇక v²/r అంత త్వరణంతో లోపలికి రాలేదు, బరువు టార్క్‌కి చేయాల్సిన వేరే పని తగ్గిపోయింది, మిగిలినదంతా పడేయడానికే. కాబట్టి మనిషి మలుపు లోపలి వైపుకి, తుంటి మీద, మోచేతి మీద పడతాడు. సైకిల్ మాత్రం బయటి వైపుకి జారిపోతుంది. పడ్డవాడి గీతలు లోపలి తుంటి మీద ఉండి, సైకిల్ రోడ్డు బయటి అంచు దగ్గర దొరికితే అది ఇసుకో నూనో, ఘర్షణ చాలలేదు.

రోడ్డు వాలు గురించి ఒక మాట. మలుపులో రోడ్డు లోపలికి వాలి ఉంటే తక్కువ వంగితే చాలు అని చాలామంది అనుకుంటారు. నిలువుతో చేసే కోణం మారదు, అది v²/rg మీదే ఆధారపడుతుంది. మారేది రోడ్డు ఉపరితలానికి లంబంగా ఉన్న గీతతో చేసే కోణం, ఘర్షణ అవసరం దాని tan. వాన నీరు పోవడానికి రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఆ వాలు ఒక డిగ్రీన్నర ఉన్నా, మనం ఎడమ పక్కన వెళతాం కాబట్టి ఎడమ మలుపులో అది మనకి సాయం, 0.41 బదులు 0.38 చాలు. అదే రోడ్డు మీద, మలుపు కోసం ప్రత్యేకంగా వాలు ఇవ్వని కుడి మలుపులో అదే వాలు ఎదురు తిరుగుతుంది, 0.44 కావాలి. ఇందాకటి తడి రోడ్డు 0.45 పక్కన పెట్టి చూస్తే, ఎడమ మలుపులో కొంచెం వెసులుబాటు, కుడి మలుపులో అంచు మీద.

ఇదంతా కొలిచి చూడాలంటే బండ్లు తిరగని చదును నేల కావాలి. ఖాళీ గ్రౌండ్ అయినా సరే, తెల్లవారుజామున వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు ముక్క అయినా సరే. ఘాట్ రోడ్డు మీద వద్దు. సుద్దతో ఒక వంపు గీసి దాని మీదే తొక్కు. వ్యాసార్ధం కొలవడానికి కేంద్రం దాకా టేపు లాగక్కర్లేదు. వంపు మీద రెండు చోట్లకి 10 మీటర్ల తాడు బిగించి, తాడు మధ్య నుంచి వంపు దాకా ఎంత దూరమో చూడు. తాడు పొడవు c, ఆ మధ్య దూరం s అయితే:

```
r = c²/(8s) + s/2
```

s విలువ 1.08 మీటర్లు వస్తే r సుమారు 12.1. వేగం సైకిల్ మీటర్లోంచి తీసుకో. అది లేకపోతే వంపు మీద కొలిచిన దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటావో వీడియోలో చూసుకో. ఫోన్ జీపీఎస్ ఇంత చిన్న మలుపులో వేగం సరిగ్గా చూపించదు. స్నేహితుణ్ని వంపుకి వెనక సరిగ్గా నీ దారి గీత మీద కూర్చోబెట్టి, ఫోన్ నేలకి దగ్గరగా నిటారుగా పట్టి తీయమను. పక్కకి జరిగి తీస్తే కోణం తప్పొస్తుంది. ఫొటోలో టైరు తాకే చోటు నుంచి నీ బొడ్డు దాకా గీత గీసి, వెనక కనిపించే దీపస్తంభాన్ని నిలువుగా తీసుకుని కోణం కొలువు. రెండు డిగ్రీల లోపు తేడా వస్తే బాగా చేసినట్టే. అంతకంటే ఎక్కువ వస్తే ముందు వేగాన్ని అనుమానించు, అది వర్గంలో ఉంది. వేగంలో 5 శాతం తప్పు tan θ లో 10 శాతం తప్పవుతుంది.